ప్రాణం నిలిపే పాటను చెవితో కాదు, చేతితో ఎంచండి

మనిషి గుండె ఉన్నట్టుండి ఆగిపోతే ఏం చేయాలో ఈమధ్య చాలా బడుల్లో నేర్పుతున్నారు. ముందుగా 108కి ఫోను చేయించాలి. రోగిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మధ్య రెండు చేతులూ ఒకదానిపై ఒకటి ఆనించి, బలంగా, వడిగా నొక్కుతూ ఉండాలి. దీన్నే సీపీఆర్ అంటారు. ఆగిపోయిన గుండె చేయవలసిన పనిని కాసేపు మన చేతులు చేస్తాయన్నమాట.

అయితే ఎంత వడిగా నొక్కాలి? నిమిషానికి 100కు తగ్గకుండా, 120కి మించకుండా. తక్కువసార్లు నొక్కితే మెదడుకు చేరే రక్తం చాలదు. మరీ తొందరగా నొక్కితే చేతులు లోతుగా దిగవు, నొక్కుకూ నొక్కుకూ మధ్య గుండెలోకి రక్తం నిండడానికి వ్యవధీ ఉండదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో ఇచ్చిన నియమాల్లో "కనీసం 100" అని మాత్రమే ఉండేది. తొందరపాటువల్ల కూడా నష్టమేనని తేలాక, 2015లో 120 అనే పైహద్దును కూడా చేర్చారు.

ఆపదలో ఉన్న మనిషి పక్కన మోకాళ్లమీద కూర్చున్నప్పుడు గడియారం చూసుకోవడం కుదరదు. అందుకే మనసులో ఒక పాట పాడుకుంటూ, దాని దరువుకు తగ్గట్టు నొక్కమని శిక్షకులు చెబుతుంటారు. ఇందుకు ప్రపంచమంతటా చెప్పే పాట ఒకటుంది. బీ జీస్ బృందం 1977లో పాడిన "స్టేయిన్ అలైవ్". దాని దరువు నిమిషానికి సుమారు 103. మీలో ఎంతమందికి ఆ పాట వచ్చు? రాని పాటను కంగారులో ఎవరు తలచుకోగలరు? మనకు నోటికి వచ్చిన పాటే కావాలి. అది తెలుగు పాటో, మీ ఊరి కోలాటం పాటో ఎందుకు కాకూడదు?

కాకూడదని ఎవరూ అనరు. కాని "ఈ పాట హుషారుగా ఉంది, సరిపోతుంది" అని చెవి చెప్పిన మాట నమ్మి ఎంచుకోవడం తప్పని నా అభిప్రాయం. చెవికి హుషారు తెలుస్తుంది, సంఖ్య తెలియదు. 90 దరువుల పాటా, 130 దరువుల పాటా రెండూ హుషారుగానే ఉండవచ్చు. పాటను చేత్తో తట్టి, లెక్కకట్టి, జల్లెడ పట్టి ఎంచాలి. అదెలాగో, ఆ జల్లెడ కన్నాలు ఎంత ఉండాలో చూద్దాం.

దెబ్బలు కాదు, మధ్య ఎడాలు లెక్కించండి

పాట వింటూ బల్లమీద వేలితో తట్టడం అందరికీ వచ్చు. లెక్కలోనే పొరపాటు వస్తుంది. నాడి చూసినట్టు 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి, 4తో గుణించడం చాలామంది చేసే పని. 27 దెబ్బలు పడ్డాయి కాబట్టి 108 అంటారు. ఈ పద్ధతిలో చిక్కు ఒకటుంది. లెక్కలో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే జవాబు ఒకేసారి 4 మారిపోతుంది. 27 బదులు 26 అంటే 104, 28 అంటే 112. మనకు కావలసిన మేర మొత్తం 20 మాత్రమే. అందులో 4 చొప్పున ఊగిసలాడే కొలత ఎందుకు పనికొస్తుంది?

అందుకని లెక్కను తిరగేయండి. కాలాన్ని ముందుగా నిర్ణయించి దెబ్బలు లెక్కించే బదులు, దెబ్బలను నిర్ణయించుకుని కాలం కొలవండి. పాట మొదలయ్యాక కాసేపు దరువుతో పాటు తట్టి చెయ్యి కుదురుకోనివ్వండి. తర్వాత ఒక దెబ్బకు "సున్నా" అంటూ స్టాప్‌వాచీ నొక్కండి. తర్వాతి దెబ్బ ఒకటి, ఆ తర్వాతది రెండు... అలా 40 దగ్గర మళ్లీ నొక్కి ఆపండి. 22.0 సెకన్లు వచ్చిందనుకుందాం. అప్పుడు

నిమిషానికి దరువులు = 60 × 40 ÷ 22.0 = 109

స్టాప్‌వాచీ నొక్కడంలో మీ వేలు 0.2 సెకను ఆలస్యం చేసిందనుకోండి. కాలం 22.2 అవుతుంది, జవాబు 108. అంటే తేడా ఒక్క దరువు. 15 సెకన్ల పద్ధతిలో 4 ఉన్న ఊగిసలాట ఇక్కడ ఒకటికి దిగింది.

"సున్నా" అని ఎందుకు మొదలుపెట్టాలి? మీ బడి కంచె చూడండి. 5 రాళ్లు పాతితే వాటి మధ్య ఎడాలు నాలుగే. దరువులు కూడా అంతే. మనం కొలిచే కాలం ఎడాలది, దెబ్బలది కాదు. మొదటి దెబ్బను "ఒకటి" అన్నారంటే 40 ఎడాలను 41గా లెక్క కడతారు, జవాబు 109 బదులు 112 వస్తుంది. ఇక ఎనిమిది దెబ్బలతో సరిపెట్టుకుంటే ఉన్నవి 7 ఎడాలే. వాటిని 8 అనుకుంటే జవాబు ఏడింట ఒక వంతు పెరిగి 109 బదులు 125 అవుతుంది. మంచి పాటను మన లెక్కే బయటికి గెంటేస్తుంది.

ఎక్కువ ఎడాలు తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది. ఎంత లయజ్ఞానం ఉన్నవాడికైనా ప్రతి దెబ్బా ఖచ్చితంగా పడదు. సెకనులో వందో వంతులు కొన్ని అటూ ఇటూ పోతుంటాయి. కాని మధ్య దెబ్బల తప్పులు మన లెక్కలోకి రావు. మొదటిదీ చివరిదీ ఎంత తప్పాయన్నదే ముఖ్యం. ఆ చిన్న తప్పు 40 ఎడాలకూ పంచుకుపోతుంది. పైగా మనుషులు దరువుకు తట్టేటప్పుడు అసలు దరువుకంటే రవ్వంత ముందే తడతారని ప్రయోగాల్లో తేలింది. దానికి కంగారు పడనక్కరలేదు. మొదటి దెబ్బా, చివరి దెబ్బా ఒకే మేర ముందు పడితే, తీసివేతలో ఆ తప్పు రద్దయిపోతుంది.

స్టాప్‌వాచీ లేకపోతే? ఒక దారం, ఒక చిన్న రాయి చాలు. దారం కట్టిన చోటునుంచి రాయి మధ్యకు సరిగ్గా 30 సెంటీమీటర్లు ఉండేలా వేలాడదీసి, కొద్దిగా లాగి వదలండి. ఆ లోలకం ఈ చివరనుంచి ఆ చివరకు నిమిషానికి 109 సార్లు పోతుంది. మీ పెట్టెలోని స్కేలంత పొడవు దారం మనకు కావలసిన లయను చూపిస్తోందన్నమాట! దారాన్ని 27 సెంటీమీటర్లకు తగ్గిస్తే 115 సార్లు, 32.4కు పెంచితే 105 సార్లు ఊగుతుంది. రోగి నాడిని లోలకంతో కొలిచే పరికరాన్ని 17వ శతాబ్దం మొదట్లో ఇటలీ వైద్యుడు సాంటోరియో వాడాడు. లోలకాన్ని నాడితో సరిపోల్చుతూ, సరిపోయేదాకా దారం పొడవు మార్చేవాడు. మీరు పాట దరువుతో అదే పని చేస్తారు.

సగమూ, రెట్టింపూ

లెక్క సరిగ్గా వచ్చినా పాట మోసం చేయవచ్చు. సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇది వెంటనే బోధపడుతుంది. ఒకే వరుసను మొదటి కాలంలోనూ, రెండో కాలంలోనూ పాడతారు కదా. తాళం వేసే చెయ్యి అదే వేగంతో కదులుతుంది, స్వరాలు మాత్రం రెట్టింపు వడితో నడుస్తాయి. సినిమా పాటలోనూ ఇలాగే ఉంటుంది. డోలక్ ఒక నడకలో మోగుతుంటే, పల్లవి మాటలు దానిలో సగం నడకలో సాగవచ్చు. ఆ పాటకు ఒక పిల్లవాడు 108 సార్లు తడతాడు, పక్కనున్న అమ్మాయి 54 సార్లు తడుతుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. పాటలో రెండు దరువులూ ఉన్నాయి.

పేరు తెలియని పాటను దాని దరువునుబట్టి వెతుకుతున్నట్లయితే, ఇలాంటప్పుడు సగాన్నీ రెట్టింపునూ కూడా జాబితాలో ఉంచాలి. తొందరపడి కొట్టేస్తే అసలు పాటే పోతుంది. కాని మన పని వేరు. ఇక్కడ ఒక మంచి పాట చేజారితే నష్టమేమీ లేదు, ఇంకోటి దొరుకుతుంది. చెడ్డ పాట జల్లెడలోంచి జారి లోపలికి వస్తేనే ప్రమాదం. కంగారులో ఉన్నవాడి చెయ్యి 108 బదులు 54ను పట్టుకుంటే ఆ ప్రాణం దక్కుతుందా? అందుకే నేను గట్టిగా అంటాను: ఇద్దరికి రెండు దరువులు వినిపించే పాట, దాని సంఖ్య ఎంత ముచ్చటగా ఉన్నా, మనకు పనికిరాదు.

ఇది కనిపెట్టడం సులభం. ముగ్గురు మిత్రులను ఒకరి చేయి ఒకరికి కనపడకుండా, వినపడకుండా విడివిడిగా తట్టమనండి. ముందుగా మీరు తట్టి చూపించవద్దు. చూపిస్తే అందరూ మిమ్మల్నే అనుసరిస్తారు. ముగ్గురికీ దగ్గర దగ్గర సంఖ్యలు వస్తే పాట నిలిచినట్టే. ఒకరికి మరొకరికంటే రెట్టింపో, ఒకటిన్నర రెట్లో వచ్చిందంటే ఆ పాటను పక్కన పెట్టేయండి. ఒకటిన్నర రెట్లు ఎందుకంటారా? మూడేసి దరువులుగా నడిచే పాటల్లో కొందరు మూడుగా, కొందరు రెండుగా తడతారు.

సెల్‌ఫోనులో దరువును దానంతటదే చెప్పే ఏర్పాట్లు ఉండగా ఈ శ్రమంతా ఎందుకని అడగవచ్చు. అవి కూడా ఈ సగం, రెట్టింపు పొరపాటే తరచుగా చేస్తాయి. అంతకుమించి, అవి చెప్పేది రికార్డులో ఏముందో మాత్రమే. మీ చెయ్యి దేన్ని పట్టుకుంటుందో మీ చేయే చెప్పాలి.

జల్లెడ ఎంత బిగువుగా ఉండాలి?

100నుంచి 120 వరకు ఏ పాటైనా సరే అంటే సరిపోతుందా? సరిపోదు. ఆపదవేళ పాట పెట్టెలో మోగదు, మనసులో మోగుతుంది. మనసులోని పాట అసలు పాటంత వడిగానే నడుస్తుందా? దీన్ని డేనియల్ లెవిటిన్, పెరీ కుక్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించారు. తమకు బాగా తెలిసిన పాటలను జ్ఞాపకంనుంచి పాడమంటే, ఎక్కువమంది అసలు వేగానికి నూటికి 8 పాళ్ల లోపు తేడాతో పాడారు. మనిషి జ్ఞాపకానికి ఇది గొప్ప విషయమే. కాని మన జల్లెడకు ఆ 8 పాళ్లూ పెద్దవే.

103 దరువుల పాట 8 పాళ్లు నెమ్మదిస్తే 95కు దిగుతుంది. హద్దు దాటిపోయింది. 117 దరువుల పాట 8 పాళ్లు వడి పెరిగితే 126కు పోతుంది. అదీ హద్దు దాటింది. నడిమధ్యనున్న 110ని తీసుకోండి. తగ్గితే 101, పెరిగితే 119. రెండు వైపులా హద్దులోనే ఉంది! అందుకని పేరుపొందిన 103 దరువుల పాటకంటే, ఎవరూ పేరెత్తని 110 దరువుల తెలుగు పాటే మనకు మెరుగని నా వాదన.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. 2008లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 15 మంది వైద్యులు, వైద్య విద్యార్థులు "స్టేయిన్ అలైవ్" వింటూ నొక్కితే సగటున నిమిషానికి 109 వచ్చింది. కొన్ని వారాల తర్వాత ఆ పాటను మనసులో తలచుకుని నొక్కితే 113 వచ్చింది. వాళ్లు నెమ్మదించలేదు సరికదా, వడి పెంచారు. ఆ పాట వారికి పనికొచ్చింది, నిజమే. అయితే వాళ్లు 15 మందే, అందరూ వైద్యం చదివినవాళ్లే. పైగా అది సగటు. ఒక్కొక్కరి తేడాను సగటు దాచేస్తుంది. మనసు ఎటు లాగుతుందో ముందుగా తెలియదు కాబట్టే రెండు వైపులా చోటు వదలాలి.

మరి 8 పాళ్లూ పూర్తిగా వదిలితే మిగిలేవి 109, 110, 111 దరువుల పాటలు మాత్రమే. అంత బిగువు జల్లెడలో ఒక్క పాటా మిగలకపోవచ్చు. కాబట్టి 105నుంచి 115 వరకు అనుమతించి, అందులో 110కి దగ్గరున్నదానికి పెద్దపీట వేయమంటాను. అప్పుడు ఒక దరువు కొలత తప్పినా ఫరవాలేదు, నూటికి 4 పాళ్లు జ్ఞాపకం తప్పినా ఫరవాలేదు.

ఒక తరగతి లెక్క

ఇప్పుడు ఒక తరగతి పిల్లలు తమకు నోటికి వచ్చిన అయిదు పాటలు తెచ్చారనుకుందాం. అన్నిటికీ 40 ఎడాల కాలం కొలిచారు.

మొదటి పాటకు 23.3 సెకన్లు. 2400ని 23.3తో భాగిస్తే 103. హద్దులో ఉన్నా, మన జల్లెడకు కింద పడింది.

రెండో పాటకు 21.7 సెకన్లు. అంటే 110.6. ముగ్గురు తట్టినా దరిదాపుగా ఇదే. నిలిచింది.

మూడో పాటకు 20.4 సెకన్లు. అంటే 117.6. పైహద్దుకు మరీ దగ్గర. పోయింది.

నాలుగో పాటకు ఒకరికి 22.0 సెకన్లు, మరొకరికి 44.0 సెకన్లు. అంటే ఒకరికి 109, ఇంకొకరికి 54.5. సగం, రెట్టింపు జబ్బు. పోయింది.

అయిదో పాటకు పల్లవిలో 22.4 సెకన్లు, అంటే 107. బాగానే ఉందనిపించింది. కాని చివర్లో మళ్లీ కొలిస్తే 20.2 సెకన్లు, అంటే దాదాపు 119. పాట పోనుపోను వడి అందుకుంటోంది. భజనల్లో, కోలాటాల్లో ఇది మామూలే. వినడానికి అందంగా ఉంటుంది, మన పనికి మాత్రం కుదరదు. అందుకే ప్రతి పాటను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవాలి. "స్టేయిన్ అలైవ్"లో దరువు చివరిదాకా నిలకడగా ఉండడానికి ఒక కారణముంది. రికార్డు చేసేనాటికి డ్రమ్ము వాయించే ఆయన అందుబాటులో లేడు. దాంతో అదే బృందం చేసిన "నైట్ ఫీవర్" పాటనుంచి కొద్దిపాటి డ్రమ్ము ముక్కను తీసి, టేపును చుట్టగా అతికించి, మళ్లీ మళ్లీ తిప్పుతూ వాడుకున్నారు.

అయిదింట్లో ఒక్కటే మిగిలింది. ఇక ఆఖరి పరీక్ష మిగిలింది. మర్నాడు పాట వినిపించకుండా, మనసులో పాడుకుంటూ తట్టమనాలి. ఒకరికి 22.6 సెకన్లు, అంటే 106. మరొకరికి 20.9, అంటే 115. ఇద్దరూ 100కూ 120కీ మధ్యనే ఉన్నారు. ఇప్పుడు ఈ పాటను గోడమీద రాసి పెట్టుకోవచ్చు.

ఆ పాట పేరు నేనెందుకు చెప్పడంలేదో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. దరువు పాట పేరుకు ఉండదు, ఒక గాయకుడు పాడిన ఒక రికార్డుకు ఉంటుంది. అదే పాటను పెళ్లి బ్యాండువాళ్లు ఒక వడిలో, బడి వార్షికోత్సవంలో మరో వడిలో వాయిస్తారు. మీ చెవిలో ఏది నాటుకుందో దాన్నే కొలవాలి. జాబితా ఇంకొకరు తయారుచేసి ఇవ్వలేరు.

పాట చేయలేని పని

పాట వడిని మాత్రమే చెబుతుంది, లోతును చెప్పదు. పెద్దవారి ఛాతీని కనీసం 5 సెంటీమీటర్లు, 6కు మించకుండా నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. 130 మంది మామూలు మనుషుల చేత బొమ్మమీద నొక్కించారు. అప్పటి నియమం నిమిషానికి 100. పాట లేకుండా నొక్కినప్పుడు నూటికి 12 మందే 95–105 మధ్య వడి నిలుపుకోగలిగారు. "నెల్లీ ది ఎలిఫెంట్" అనే పిల్లల పాట వింటూ నొక్కినప్పుడు నూటికి 32 మంది నిలుపుకున్నారు. కాని అదే పాటతో తక్కువ లోతుకు నొక్కినవారి సంఖ్య పెరిగింది. మనసు లయమీదికి పోయి బలం తగ్గిందన్నమాట. కాబట్టి పాట ఎంచుకోగానే పని అయిపోయిందనుకోవద్దు. శిక్షణ పొందినవారి ఎదుట, బొమ్మమీద, ఆ పాటతోనే లోతును కూడా సాధన చేయాలి. బాగున్న మనిషిమీద ఎప్పుడూ నొక్కి చూడకూడదు.

ఇంకొక్క మాట. అంబులెన్సును పిలిచే 108 సంఖ్య మన రాష్ట్రంలో 2005లో హైదరాబాదు నుంచి మొదలైంది. అది దరువును దృష్టిలో పెట్టుకుని ఎంచిన సంఖ్య కాదు. అయినా మన జల్లెడలో చక్కగా నిలుస్తుంది. ముందు 108కి ఫోను, తర్వాత దాదాపు 108 వడితో నొక్కడం అని గుర్తు పెట్టుకోండి. ఆ వడిని మీ చేతికి నేర్పే పాట ఏదో ఈ నెలలోనే మీ తరగతిలో తట్టి, లెక్కకట్టి తేల్చండి.